ఫ్లాట్ అద్దె ఎంత పెట్టాలి: పక్క ఫ్లాట్ల లెక్క, ఖాళీ రోజుల లెక్క

ఫ్లాట్ ఖాళీ అవుతోందని తెలియగానే ఓనర్ మనసులో ఒక అంకె మెదులుతుంది. చాలాసార్లు అది మూడు చోట్లలో ఏదో ఒక చోటి నుంచి వస్తుంది. ఒకటి, బ్యాంకుకు కడుతున్న ఈఎంఐ. రెండు, ఫోన్‌లో కనిపించిన పక్క అపార్ట్‌మెంట్ ప్రకటన. మూడు, పాత అద్దెకు కలిపిన పది శాతం. కిరాయికి వచ్చేవాళ్లకు ఈ మూడింటిలో ఏదీ పట్టదు. హైదరాబాద్‌లో ఏడాదికి వచ్చే అద్దె ఫ్లాట్ ధరలో సుమారు మూడు శాతం దగ్గర తిరుగుతుంది, లోన్ వడ్డీ దానికి రెట్టింపు దాటి ఉంటుంది. కాబట్టి ఈఎంఐని చూసి పెట్టిన అద్దె దాదాపు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. పక్క ప్రకటనలోని అంకె ఇంకొక ఓనర్ ఆశ మాత్రమే. పాత అద్దె ఆ కుటుంబం ఎన్నేళ్లు ఉందన్న దాన్ని బట్టి మార్కెట్‌కు రెండు మూడు వేలు వెనకబడి ఉండొచ్చు.

పనికొచ్చే అంకెకు రెండు లెక్కలు కావాలి. ఇలాంటి ఫ్లాట్‌కు ఈ వీధిలో ఈ మధ్య నిజంగా ఎంత ఇచ్చారన్నది మొదటిది. ఆ అంకెకు వెయ్యి కలిపితే ఎన్ని రోజులు అదనంగా ఖాళీగా ఉంటుందన్నది రెండోది. మొదటి లెక్క చాలామంది సగమైనా చేస్తారు. రెండోది చేయకపోవడం వల్లే నెలల తరబడి బోర్డు వేలాడుతుంది.

లెక్క నడక చూపడానికి హైదరాబాద్ నిజాంపేటలో ఒక ఫ్లాట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, రెండు బాత్‌రూమ్‌లు, 1,150 చదరపు అడుగులు. కట్టి పన్నెండేళ్లయింది. లిఫ్ట్ ఉంది, ఒక కారు పార్కింగ్ ఉంది, రెండు బెడ్‌రూముల్లోనూ వార్డ్‌రోబ్‌లు చేయించి ఉన్నాయి. జెనరేటర్ మాత్రం లిఫ్ట్‌కు, మెట్ల లైట్లకు మాత్రమే. నెలకు 2,000 మెయింటెనెన్స్. ఇక్కడి రూపాయలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఎవరి వీధి అంకెలు వాళ్లు వేసుకోవాలి.

పోల్చదగ్గ ఫ్లాట్ అంటే ఏది

నాలుగు నుంచి ఆరు ఫ్లాట్లు దొరికితే చాలు, కానీ అవి సరైనవి కావాలి. బెడ్‌రూముల సంఖ్య ఒకటే ఉండాలి. మెయిన్‌రోడ్డుకు ఒకే వైపు, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి. గత మూడు నాలుగు నెలల్లో నిండినవై ఉండాలి. విడి అపార్ట్‌మెంట్‌ను విడి అపార్ట్‌మెంట్‌తోనే పోల్చాలి, గేటెడ్ కమ్యూనిటీతో కాదు. గేటెడ్‌లో ఇల్లు వెతికేవాళ్లు వేరు, వీధిలో బోర్డులు చూస్తూ తిరిగేవాళ్లు వేరు. అర కిలోమీటరు దూరంలోని టవర్‌లో ఇదే సైజు ఫ్లాట్‌కు 27,000 వస్తోందంటే, అందులో సెక్యూరిటీకి, క్లబ్‌హౌస్‌కు, పిల్లలు ఆడుకునే జాగాకు ఎంత, ఇంటికి ఎంత అని విడదీయడం కష్టం. దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

చదరపు అడుగుల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ప్రకటనల్లో చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కారిడార్లు, లాబీ తక్కువ కాబట్టి 1,150లో లోపల వాడుకునే జాగా ఎక్కువగానే మిగులుతుంది. కొత్త టవర్‌లో అదే 1,150లో మూడో వంతు దాకా బయటే పోవచ్చు. పైగా అద్దెకు వచ్చేవాళ్లు అడుగుకింతని కట్టరు. రెండు బెడ్‌రూములు, రెండు బాత్‌రూమ్‌లు, మంచం వేశాక తలుపు తెరుచుకుంటుందా, వాషింగ్ మెషీన్‌కు చోటుందా, ఇదే వాళ్లు చూసేది. 1,100కూ 1,200కూ మధ్య తేడాకు అడుగు లెక్కన వెయ్యి రూపాయలు కలపడం కాగితం మీద బాగుంటుంది, ఇల్లు చూసేటప్పుడు కనిపించదు.

ఇక అసలు చిక్కు, అడిగిన అద్దెకూ కుదిరిన అద్దెకూ ఉన్న తేడా. వెబ్‌సైట్‌లో ఈ రోజు కనిపించే ప్రకటనల్లో సరైన ధర పెట్టినవి ఎక్కువ ఉండవు, అవి వారంలో నిండిపోయి తీసేయబడతాయి. ఎక్కువ అడిగినవే వారాల తరబడి అక్కడే మిగులుతాయి. అంటే తెర మీద కనిపించే సగటు, నిండని ఇళ్ల సగటు వైపు ఒరిగి ఉంటుంది. దీనికి తోడు ఒకే ఫ్లాట్‌ను ముగ్గురు బ్రోకర్లు మూడు ధరలకు పెడతారు. ఫొటోలో కిటికీ గ్రిల్, టైల్స్ రంగు చూస్తే అది ఒకే ఇల్లని తెలిసిపోతుంది. లేకపోతే ఒకటే మూడుసార్లు లెక్కలోకి వస్తుంది.

కుదిరిన అద్దె తెలిసేది వీధిలోనే. సామాన్లు ఎక్కించినప్పుడు, దించినప్పుడు దగ్గరున్నది వాచ్‌మన్ కాబట్టి ఎవరు ఎప్పుడు వచ్చారు, అంతకుముందు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది అన్నది అతనికి బాగా తెలుసు. "మీ దగ్గర అద్దె ఎంత?" అని అడిగితే ఓనర్ చెప్పమన్న అంకె వస్తుంది. "పోయిన నెల నాలుగో అంతస్తులో దిగినవాళ్లు ఎంతకు దిగారు?" అని అడిగితే నిజం వస్తుంది. మూడు నాలుగేళ్లుగా ఉంటున్నవాళ్లు కడుతున్నది మాత్రం పోల్చడానికి పనికిరాదు. ఏటా ఐదు శాతం చొప్పున పెరిగినా అది కొత్త ఒప్పందం ధర కాదు, పాత స్నేహం ధర.

అన్నింటినీ ఒకే గీత మీదికి తేవడం

ఒకరు "మెయింటెనెన్స్‌తో కలిపి" అంటారు, ఇంకొకరు "మెయింటెనెన్స్ వేరే" అంటారు. అందుకే ముందు ప్రతి ఫ్లాట్‌కూ అద్దెకున్న కుటుంబం నెలనెలా చేతి నుంచి తీసేదంతా కూడాలి: అద్దె, మెయింటెనెన్స్, వేసవిలో నీళ్ల ట్యాంకర్లకు వేసే వాటా ఉంటే దాని నెలసరి సగటు. కరెంటు బిల్లు ఎవరి వాడకం వాళ్లది కనుక వదిలేయొచ్చు.

అడ్వాన్స్‌లో తేడా ఉన్నా రూపాయల్లోకి మార్చొచ్చు. హైదరాబాద్‌లో రెండు నెలలు మామూలు. ఒక ఓనర్ ఐదు నెలలు తీసుకుని ఉంటే, అదనపు మూడు నెలల సొమ్ము, అంటే అరవై వేల చిల్లర, మీద ఏడాదికి ఆరు శాతం వడ్డీ వేసుకున్నా నెలకు మూడు వందలే. ఎక్కువ అడ్వాన్స్ తీసుకుంటే లాభమనుకునేవాళ్లు ఈ మూడు వందలనూ, అంత సొమ్ము ఒకేసారి తేలేక వెనక్కి వెళ్లిపోయే కుటుంబాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన ఉదాహరణకు మూడు ఫ్లాట్లు దొరికాయనుకుందాం. మొదటిది అదే అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, రెండు నెలల కిందట 19,500కు నిండింది, మెయింటెనెన్స్ 2,000 వేరే. మొత్తం 21,500. వార్డ్‌రోబ్‌లు లేవు, గోడలో సిమెంటు అరలే. రెండోది పక్క వీధిలో, మెయింటెనెన్స్‌తో కలిపి 24,500. అది ఆరేళ్ల బిల్డింగ్, వార్డ్‌రోబ్‌లతో పాటు మాడ్యులర్ కిచెన్ ఉంది, జెనరేటర్ నుంచి ఫ్లాట్ లోపలి లైట్లకు, ఫ్యాన్లకు కూడా లైన్ ఇచ్చారు. మూడోది మరో కిలోమీటరు లోపలికి, 19,000 అద్దె, 1,500 మెయింటెనెన్స్, మొత్తం 20,500. వార్డ్‌రోబ్‌లు ఉన్నాయి, కారు పార్కింగ్ లేదు. నాలుగోది ఒకటి, మెయింటెనెన్స్ కాక 24,000 అద్దెకు, డెబ్బై రోజులుగా తెర మీద ఉంది. అది పోల్చడానికి కాదు, ఈ వీధి ఎంత ఇవ్వదో చెప్పడానికి పనికొస్తుంది.

సౌకర్యానికి ధర కట్టడం

వార్డ్‌రోబ్‌లు చేయించడానికి రెండు లక్షలైందని అద్దెలో ఐదు వేలు కలపలేం. ఓనర్‌కు ఎంత ఖర్చైందన్నది కాదు, అది లేని ఇంటికి వెళ్తే అద్దెకున్నవాళ్లకు ఎంత ఇబ్బంది, ఎంత ఖర్చు అన్నదే దాని ధర. ఈ ధర తెలుసుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైన దారి, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆ ఒక్క వస్తువులో తప్ప మిగతా అన్నింటిలో సమానమైన రెండు ఫ్లాట్లు చూడటం. వార్డ్‌రోబ్‌లు ఉన్నది, లేనిది దాదాపు ఒకే సమయంలో నిండి, వాటి మధ్య 1,500 తేడా ఉంటే, ఆ వీధిలో వార్డ్‌రోబ్‌ల ధర 1,500. అలాంటి జత దొరకనప్పుడు రెండో దారి, అదే వస్తువు విడిగా ఎంతకు దొరుకుతుందో చూడటం. అదే అపార్ట్‌మెంట్‌లో కారు లేనివాళ్లు తమ పార్కింగ్‌ను పక్కవాళ్లకు నెలకు 1,200కు ఇస్తున్నారంటే పార్కింగ్ ధర తెలిసిపోయినట్టే. ఏసీకి కూడా అంతే. నెలవారీ అద్దెకు ఏసీ దొరికే ఊళ్లో ఆ అద్దెకన్నా ఎక్కువ ఎవరూ ఇవ్వరు, వేసవి తర్వాత అదీ ఇవ్వరు.

గోడకు బిగించినవాటికీ, లారీలో వచ్చేవాటికీ మధ్య పెద్ద తేడా ఉంది. వార్డ్‌రోబ్‌లు, కిచెన్ అరలు, గీజర్ పాయింట్లు, దోమల మెష్ తలుపులు, ఇవి అద్దెకున్నవాళ్లు తెచ్చుకోలేరు, తెచ్చుకున్నా తీసుకుపోలేరు. కాబట్టి వీటికి అద్దెలో విలువ నిలుస్తుంది. ఫ్రిజ్, మంచం, సోఫా పెట్టి ఇస్తే, సొంత సామాను ఉన్న కుటుంబం వాటిని తీసేయమంటుంది. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక ఓనర్ అద్దె తగ్గించిన సందర్భాలు తక్కువేం కాదు.

కొన్ని సౌకర్యాలకు ధర ఉండదు, గడప మాత్రమే ఉంటుంది. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తుకు వెయ్యి తగ్గించినంత మాత్రాన పెద్దవాళ్లున్న కుటుంబం రాదు. కారున్నవాళ్లు పార్కింగ్ లేని ఇంటిని చూడటానికే రారు. నీళ్లు కూడా ఇలాంటిదే. నగరం పశ్చిమ శివార్లలో వేసవిలో బోర్లు అడుగంటితే అపార్ట్‌మెంట్ మొత్తం ట్యాంకర్ల మీద నడుస్తుంది. ఏప్రిల్‌లో ఇల్లు చూసేవాళ్లు ముందుగా కుళాయి తిప్పి చూస్తారు, తర్వాత కింద వాచ్‌మన్‌ను "రోజూ ఎన్ని గంటలు వదులుతారు?" అని అడుగుతారు. ఆ జవాబు బాగాలేకపోతే అద్దె ఎంతన్న ప్రశ్నే రాదు. ఇలాంటి లోపం ఉన్నప్పుడు అద్దెలో కొంత తగ్గించుకోవడం కాకుండా, ఇల్లు చూడగలిగేవాళ్ల సంఖ్యే తగ్గిపోయిందని, ఖాళీ రోజులు పెరుగుతాయని రాసుకోవాలి.

ఇప్పుడు మూడు ఫ్లాట్లను మన ఫ్లాట్‌కు సరిపోల్చాలి. అవతలి ఫ్లాట్‌లో లేనిది మన దగ్గరుంటే దాని అంకెకు కలపాలి, మన దగ్గర లేనిది దానికుంటే తీసేయాలి. ఈ కూడిక, తీసివేతలు తిరగబడటం చాలా మామూలు పొరపాటు. మొదటి ఫ్లాట్‌కు వార్డ్‌రోబ్‌లు లేవు, 1,500 కలిపితే 23,000. మూడో అంతస్తు, నాలుగో అంతస్తు తేడా లిఫ్ట్ ఉన్నచోట సున్నా. అయితే నాలుగోది కాక పై కప్పు కింది అంతస్తై ఉంటే వేసవి వేడికి కొంత తీయాల్సి వచ్చేది. రెండో ఫ్లాట్ నుంచి కిచెన్‌కు 800, జెనరేటర్ లైన్‌కు 500, కొత్త బిల్డింగ్ కావడానికి 700 తీసేస్తే 22,500. మూడోదానికి పార్కింగ్‌కు 1,200, లోపలికి దూరమైనందుకు 500 కలిపితే 22,200.

మూడూ 22,200 నుంచి 23,000 మధ్యకు వచ్చాయి. సగటు తీసి ఊరుకోవచ్చు, కానీ తక్కువ సవరణ పడ్డ ఫ్లాట్ మాటకే ఎక్కువ విలువ. మొదటిది అదే బిల్డింగ్, ఒక్క సవరణే, అది కూడా జతను చూసి కట్టిన ధర. రెండోదానికి మూడు సవరణలు, వాటిలో బిల్డింగ్ వయసుకు వేసిన 700 ఊహే. అందుకని 22,700 అనుకుందాం. అందులోంచి మన మెయింటెనెన్స్ 2,000 తీసేస్తే అద్దె 20,700. సవరణలన్నీ కలిపి అసలు అంకెలో పదిహేను శాతం దాటితే మాత్రం ఆ ఫ్లాట్‌ను లెక్కలోంచి తీసేయాలి. అంత సవరించాల్సి వచ్చిందంటే అది పోల్చదగ్గ ఫ్లాట్ కానట్టే.

ఒక్క ఖాళీ రోజు ఖరీదు

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు సాధారణంగా "20,700 కదా, బేరానికి కొంచెం వదిలి 22,000 పెడదాం" అంటారు. ఆ నిర్ణయం ఖరీదు ఎంతో తేల్చేది రెండో లెక్క.

ఫ్లాట్ ఖాళీగా ఉంటే అద్దె రాకపోవడంతో పాటు మెయింటెనెన్స్ ఓనరే కట్టాలి. అద్దెను 20,500 అనుకుంటే, మెయింటెనెన్స్‌తో నెలకు 22,500, రోజుకు 750. నెలకు వెయ్యి ఎక్కువ అడిగితే పదకొండు నెలల ఒప్పందంలో వచ్చే అదనం 11,000. దాన్ని 750తో భాగిస్తే పదిహేను రోజులకు కాస్త తక్కువ. అంటే ఆ వెయ్యి కోసం రెండు వారాలకు మించి ఎదురుచూస్తే, పదకొండు నెలల్లో ఆ వెయ్యి తిరిగి రాదు. కుటుంబం రెండు ఒప్పందాల కాలం, ఇరవై రెండు నెలలు ఉంటుందన్న నమ్మకం ఉంటే గడువు నెల దాకా సాగుతుంది. ఈ పదిహేను రోజుల అంకె ఒక్కటి చేతిలో ఉంటే బేరంలో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఎన్ని రోజులు పడుతుందన్నది ఎలా అంచనా వేయాలి? వీధిలో ఇప్పుడు ఇలాంటి ఫ్లాట్లకు ఎన్ని టూలెట్ బోర్డులున్నాయి, పోయిన నెలలో ఎన్ని నిండాయి, ఈ రెండూ లెక్కపెడితే చాలు. తొమ్మిది ఖాళీగా ఉండి నెలకు మూడు నిండుతుంటే, కొత్తగా ఎవరూ బోర్డు పెట్టకపోయినా అన్నీ నిండటానికి మూడు నెలలు. ధరకు తగ్గ ఇంటి వరసలో మొదటి మూడింటిలో ఉన్నవి మొదటి నెలలో పోతాయి, చివరి మూడు మూడో నెలలో. మన ఫ్లాట్ 20,000కు మొదట్లో, 21,000కు మొదటి మూడింటి అంచున, 22,000కు చివర్లో ఉంటుందని తేలిందనుకుందాం. ఖాళీ రోజులు వరసగా 10, 25, 75.

ఇప్పుడు కుటుంబం ఉన్నంత కాలం వచ్చే అద్దెలోంచి, ఖాళీ కాలంలో ఓనర్ కట్టిన మెయింటెనెన్స్ తీసేసి, ఉన్న నెలలు, ఖాళీ నెలలు కలిపి భాగించాలి. మధ్యలో అద్దె పెంపు లేదనుకుందాం. పదకొండు నెలలే ఉండి వెళ్లిపోతే 20,000 పెట్టినప్పుడు నెలకు నిజంగా పడేది సుమారు 19,350. 21,000 పెడితే 19,380. రెండూ ఒకటే. 22,000 పెడితే మాత్రం 17,550, అంటే ఎక్కువ అడిగి నెలకు 1,800 పోగొట్టుకున్నట్టు. ఇరవై రెండు నెలలు ఉంటే 20,000కు 19,670, 21,000కు 20,160, 22,000కు 19,550. ఇక్కడ మధ్యది గెలుస్తుంది, ఎక్కువ అడిగినది తక్కువ అడిగినదాని కన్నా కాస్త కిందే ఉంటుంది. రెండేళ్ల దాకా ఉండే కుటుంబం వస్తుందని నమ్మకం ఉంటే 21,000, ఏడాదికొకరు మారే చోటైతే 20,000 అడిగినా నష్టం లేదు. 22,000 రెండు లెక్కల్లోనూ మంచి అంకె కాదు.

ఈ లెక్కను ఒక్కసారిగా తలకిందులు చేసేది క్యాలెండర్. ఆషాఢంలో ఇల్లు మారని కుటుంబాలు తెలుగు ఊళ్లలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. పుష్యమాసంలో, అధికమాసంలో కూడా వెనకాడతారు. ఇల్లు నచ్చినా "శ్రావణంలో దిగుతాం" అంటారు, అప్పటిదాకా అద్దె కట్టరు. మరోవైపు పిల్లల పరీక్షలు అయిపోయిన ఏప్రిల్ నుంచి స్కూళ్లు తెరిచే జూన్ మధ్య దాకా ఇళ్ల వెతుకులాట జోరుగా ఉంటుంది. జూన్ రెండో వారంలో ఫ్లాట్ ఖాళీ అయి, ఆషాఢం రెండు మూడు వారాల్లో ఉంటే, 21,000కు అనుకున్న 25 రోజులు ఆ నెలలో చిక్కుకుని 60 అవుతాయి. అప్పుడు ఇరవై రెండు నెలల లెక్కలో కూడా 21,000కు పడేది 19,080, పది రోజుల్లో నిండే 20,000కు 19,670. ఆ సమయంలో వెయ్యి తగ్గించడమే లాభం. ఐటీ ఉద్యోగులు, బ్యాచిలర్లు ఎక్కువుండే వీధుల్లో ఈ పట్టింపు తక్కువ, కాబట్టి ఆ చోట్ల ఈ సవరణ కూడా తక్కువే ఉండాలి.

చాలామంది గమనించని ఇంకో సంగతి, ఖాళీ కాలం రోజుల్లో కన్నా నెలల్లో వస్తుంది. వెతుక్కునే కుటుంబం ప్రస్తుతం ఉన్న ఇంటికి నెలాఖరు దాకా అద్దె కట్టి ఉంటుంది. వాళ్లకు ఒకటో తేదీ కావాలి. పెయింటింగ్ పూర్తి కాక ఫ్లాట్ ఐదో తేదీకి సిద్ధమైతే, ఇంకో మూడున్నర వారాలు ఖాళీ అయినట్టే. అందుకే నోటీసు ఇచ్చిన రోజే ప్రకటన పెట్టాలి, పాతవాళ్లు ఉండగానే వాళ్లకు వీలైన సాయంత్రాల్లో చూపించాలి, పెయింటర్‌కు ముందే రోజు చెప్పాలి. పదో తేదీన నచ్చినవాళ్లు ఉంటే, అద్దెలో ఐదు వందలు తగ్గించడం కన్నా "పదిహేను నుంచే తాళాలు తీసుకోండి, అద్దె ఒకటి నుంచి మొదలు" అనడం చవక. రెండు వారాలు ఎలాగూ ఖాళీగా ఉండేవే. ఐదు వందలు తగ్గిస్తే అది పదకొండు నెలలు, ఆ తర్వాత పెంపు లెక్కలో కూడా వెంటాడుతుంది.

ఓనర్ పెట్టే ప్రతి షరతు కూడా ఖాళీ రోజుల ఖాతాలోకే వెళ్తుంది. కుటుంబాలకే, శాకాహారులకే, ఇద్దరికి మించకూడదు, ఇలా ఒక్కోటి కలిపిన కొద్దీ వచ్చే ఫోన్లు తగ్గుతాయి. విదేశాల్లో ఉండే ఓనర్లకు ఇంకొకటి ఉంది. అద్దె ఎంతైనా సరే, ఎన్ఆర్ఐకి కట్టేవాళ్లు టీడీఎస్ తీసి ప్రభుత్వానికి జమ చేయాలి, అందుకు టాన్ నంబరు తీసుకోవాలి. ఈ పని తెలిసిన కిరాయిదారు వెనకాడతాడు, తెలియనివాడు తర్వాత ఇబ్బంది పడతాడు. మొదటి ఫోన్‌లోనే చెప్పి, అందుకు కొన్ని రోజులు అదనంగా రాసుకోవడం నయం.

బోర్డు పెట్టాక మొదటి పది రోజులు

అంకె సరైందో కాదో తెలియడానికి రెండు నెలలు ఆగక్కర్లేదు. మంచి సీజన్‌లో వారం గడిచినా ఫోన్లే రాకపోతే ధర ఎక్కువ, లేదా ప్రకటన ఎవరికీ కనబడటం లేదు. వెబ్‌సైట్లలో వెతికేవాళ్లు 20,000 దాకా, 25,000 దాకా అని హద్దు పెట్టుకుని చూస్తారు. 20,500 పెట్టిన ఫ్లాట్ 20,000 హద్దు పెట్టినవాళ్లకు కనిపించదు, 25,000 దాకా చూసేవాళ్లకు అంతకన్నా మంచి ఇళ్ల మధ్య తేలిపోతుంది. 20,700 విలువైన ఫ్లాట్‌ను మెయింటెనెన్స్ వేరుగా 20,000 అని పెట్టడానికి, లేదా ధైర్యంగా 21,000 అని పెట్టడానికి ఇదో కారణం. మధ్యలోని చిల్లర అంకె రెండు వైపులా నష్టమే.

ఫోన్లు వస్తున్నాయి, చూడటానికి రావడం లేదంటే తప్పు ధరలో కన్నా ఫొటోల్లో, షరతుల్లో, లేదా ఫోన్‌లో దొర్లిన ఏదో ఒక మాటలో ఉంటుంది. చూసి వెళ్తున్నారు, తిరిగి మాట్లాడటం లేదంటే ఇంటి లోపలికి వెళ్లి చూడాలి. బాత్‌రూమ్ పైన పక్క ఫ్లాట్ లీకేజీ మరక, బాల్కనీలో పావురాల రెట్ట, వంటగదిలో మంచి లైటు లేకపోవడం, వీటివల్ల పోయిన కుటుంబాలు అద్దె తగ్గించినా తిరిగి రావు. అందరూ చూసి, "ఇంకొంచెం తగ్గించరా" అని ఒకే అంకె దగ్గర ఆగుతుంటే, ఆ అంకే మార్కెట్. మొదటి రోజే ముగ్గురు బేరం లేకుండా టోకెన్ ఇస్తామంటే మాత్రం అంకె తక్కువైందని అర్థం, తదుపరి ఫ్లాట్‌కో మరుసటి ఒప్పందానికో అది పాఠం.

తగ్గించాల్సి వస్తే ఒకేసారి కనబడేంత తగ్గించాలి. 22,000ను రెండు వారాలకు రెండు వందల చొప్పున తగ్గిస్తూ పోతే ప్రతిసారీ మార్కెట్ వెనకే నడుస్తూ ఉంటాం, పైగా వెబ్‌సైట్‌లో పాత తేదీ చూసినవాళ్లు ఇంట్లో ఏదో లోపముందనుకుంటారు.

పదకొండు నెలల తర్వాత

అదే లెక్క ఒప్పందం పొడిగించేటప్పుడు తిరగబడి వస్తుంది. 21,000కు ఉన్న కుటుంబాన్ని ఐదు శాతం అడిగితే 1,050, పది శాతం అడిగితే 2,100. పది అడిగినందుకు అదనంగా వచ్చేది పదకొండు నెలలకు 11,550. వాళ్లు వెళ్లిపోతే 25 రోజుల ఖాళీ, రోజుకు 767 చొప్పున 19,000 దాటుతుంది, పెయింటింగ్‌కు మరో 18,000 వేసుకుంటే 37,000 పైచిలుకు. మార్కెట్ కూడా ఐదు శాతం దగ్గరే ఉంటే, పది శాతం అడిగినప్పుడు నలుగురిలో ఒకరు వెళ్లిపోయే అవకాశం ఉన్నా లాభనష్టాలు సరి సమానం. పెయింటింగ్ ఖర్చు అడ్వాన్స్‌లోంచి కోసుకునే వీధుల్లో ఆ హద్దు ముగ్గురిలో ఒకరు దాటుతుంది. ముందు వాచ్‌మన్‌ను అడిగి, పోయిన మూడు నెలల్లో నిండిన ఫ్లాట్ల అంకెలు మళ్లీ రాసుకుని, అప్పుడు ఆ కుటుంబంతో మాట్లాడటం మేలు. వాళ్లు కూడా అదే వాచ్‌మన్‌ను అడిగే వస్తారు.